ఉగాదిలోపు వంటగది: ఒక స్ప్రెడ్‌షీట్ లెక్క

ఇల్లు బాగు చేయించుకునేవారికి పనివాళ్లు దొరకడం ఒక సమస్య, దొరికినవాళ్లు వరస తప్పి రావడం ఇంకో సమస్య. ప్లంబరు రావాల్సిన రోజున పెయింటర్ నిచ్చెన వేసుకుని దిగుతాడు. టైల్స్ మేస్త్రీ వచ్చేసరికి బాత్రూమ్ నేల మీద వాటర్‌ప్రూఫింగ్ ఇంకా తడిగా ఉంటుంది. ఎవరి పని వాళ్లకు బాగానే వచ్చు. ఎవరి తర్వాత ఎవరు రావాలో, మధ్యలో ఎన్నాళ్లు ఆగాలో ఒక్కచోట రాసిపెట్టి ఉండదు. ఆ రాసిపెట్టే పద్ధతికి గ్యాంట్ చార్ట్ అని పేరు. ఎడమవైపు పనుల జాబితా, పైన తేదీలు, ఒక్కో పనికి మొదలైన రోజు నుంచి ముగిసే రోజు దాకా ఒక రంగు పట్టీ. 1910 ప్రాంతంలో అమెరికన్ ఇంజనీరు హెన్రీ గ్యాంట్ కర్మాగారాల్లో దీన్ని ప్రచారంలోకి తెచ్చాడు. అంతకుముందే 1896లో పోలండ్ ఇంజనీరు కరోల్ అడమియెట్స్కీ ఇలాంటిదే తయారుచేశాడు గానీ, పేరు మాత్రం గ్యాంట్‌కే స్థిరపడింది.

దీనికోసం సాఫ్ట్‌వేర్ కొనక్కర్లేదు. ఎక్సెల్ ఉన్నా, ఫోన్‌లో ఉచితంగా వచ్చే గూగుల్ షీట్స్ ఉన్నా సరిపోతుంది. మొదటిసారి గీసేటప్పుడు మాత్రం ఫోన్ కంటే కంప్యూటర్ ముందు కూర్చోవడం మేలు.

హైదరాబాద్‌లో ఒక రెండు పడకగదుల ఫ్లాటు అనుకుందాం. పాతబడిన వంటగదినీ ఒక బాత్రూమ్‌నూ పూర్తిగా పగలగొట్టి కొత్తగా చేయించాలి, చివర్లో హాలుతో కలిపి రంగులు వేయించాలి. పని 2026 ఫిబ్రవరి 2, సోమవారం మొదలు. మార్చి 19న ఉగాది. ఆ రోజు పచ్చడి కొత్త వంటగదిలోనే కలపాలని ఇంటివాళ్ల కోరిక. చేతిలో ఉన్నవి ఆరు వారాల పైన మూడు రోజులు.

ముందుగా షీటులో ఆరు నిలువు వరసలకు పేర్లు పెట్టాలి. Aలో పని, Bలో ఎవరు చేస్తారు, Cలో ఏ గదిలో, Dలో మొదలయ్యే తేదీ, Eలో ఎన్ని రోజులు, Fలో ముగిసే తేదీ. G నుంచి కుడివైపంతా క్యాలెండర్. G1లో మొదటి తేదీ, H1లో `=G1+1` రాసి, ఆ గడిని పట్టుకుని BL దాకా లాగితే మార్చి 31 వరకు తేదీలు వచ్చేస్తాయి. ఆ వరసల వెడల్పు బాగా తగ్గించి, తేదీలో రోజు అంకె మాత్రమే కనబడేలా పెట్టుకుంటే తెర మీద ఇరుకనిపించదు.

తేదీలు కొట్టేటప్పుడే ఒక చిక్కు ఎదురవుతుంది. 05/02/2026 అని కొడితే మనకు ఫిబ్రవరి 5. షీటు అమెరికా పద్ధతిలో ఉంటే దానికది మే 2. గూగుల్ షీట్స్‌లో File, Settingsలోకి వెళ్లి Locale దగ్గర India అని మార్చుకోవాలి. 2-Feb-2026 అని నెల పేరుతో కొడితే ఇంకా భద్రం. తేదీ గడిలో ఎడమవైపుకు అతుక్కుని కనిపిస్తే షీటు దాన్ని తేదీగా కాక మామూలు అక్షరాలుగా తీసుకుందని అర్థం, లెక్కలు పనిచేయవు. 46055 లాంటి అంకె కనబడితే మాత్రం కంగారు పడక్కర్లేదు. స్ప్రెడ్‌షీట్ లోపల ప్రతి తేదీ ఒక వరస సంఖ్యే, ఫిబ్రవరి 2కు ఆ సంఖ్య అదే. ఆ గడి ఫార్మాట్ Date అని మారిస్తే మామూలుగా కనిపిస్తుంది.

ఇప్పుడు పనులు. రెండో అడ్డవరసలో పాత టైల్స్ పగలగొట్టడం, మేస్త్రీకి మూడు రోజులు. మూడో వరసలో ప్లంబరు గోడలకు గాడి కొట్టి పైపులు వేయడం, మూడు రోజులు. నాలుగులో ఎలక్ట్రీషియన్ పైపులు, వైర్లు, రెండు రోజులు. అయిదులో ఆ గాడులు పూడ్చి ప్లాస్టరింగ్, రెండు రోజులు. ఈ అంకెలు మనం ఊహించి రాసేవి కావు, ఒక్కొక్కరినీ అడిగి రాయాల్సినవి. అడిగేటప్పుడు “ఎన్ని రోజుల పని?” అని మాత్రమే అడిగితే జవాబు ఎప్పుడూ తక్కువే వస్తుంది. “మధ్యలో ఇంకో సైటు ఉందా అన్నా? రోజూ పొద్దున్నే వస్తావా?” అని కూడా అడిగితే రెండు రోజులు మూడవుతాయి. రాసుకోవాల్సింది ఆ రెండో జవాబు.

ముగిసే తేదీని చేత్తో కొట్టకుండా షీటుకే వదిలేయాలి. చాలా సైట్లలో ఆదివారం సెలవు. అందుకు ఈ ఫార్ములా F2లో రాస్తే చాలు:

```
=WORKDAY.INTL(D2-1,E2,11)
```

చివరనున్న 11 అంటే వారాంతపు సెలవు ఆదివారం ఒక్కటే అని. దాన్ని రాయకపోతే షీటు శనివారం కూడా సెలవే అనుకుంటుంది. అప్పుడు తాపీపనికి ఐటీ కంపెనీ క్యాలెండర్ పెట్టినట్టే.

అసలు కీలకం D వరసలో ఉంది. మొదటి పనికి మాత్రమే మొదలయ్యే తేదీని చేత్తో కొట్టాలి. తర్వాతి ప్రతి పనీ దేని వెనక రావాలో ఆలోచించి, ఆ పని ముగింపుకు ముడివేయాలి. ప్లంబరు పగలగొట్టడం అయ్యాకే వస్తాడు కాబట్టి D3లో ఇది:

```
=WORKDAY.INTL(F2,1,11)
```

ముగిసిన తేదీ తర్వాత వచ్చే మొదటి పనిరోజు అని దీనర్థం. ఎలక్ట్రీషియన్ ప్లంబరు కోసం ఆగక్కర్లేదు. ఒకరు బాత్రూమ్‌లో ఉంటే ఇంకొకరు వంటగదిలో ఉండొచ్చు. అందుకే D4 కూడా F2నే చూస్తుంది. ప్లాస్టరింగ్ మాత్రం ఇద్దరూ ముగించాకే మొదలవ్వాలి. ఇద్దరిలో ఎవరు ఆలస్యమైతే వాళ్ల తేదీనే తీసుకోవాలి:

```
=WORKDAY.INTL(MAX(F3,F4),1,11)
```

ఇంతవరకు తేదీలు ఇలా పడతాయి: పగలగొట్టడం ఫిబ్రవరి 2 నుంచి 4, ప్లంబరు 5 నుంచి 7, ఎలక్ట్రీషియన్ 5, 6, ప్లాస్టరింగ్ 9, 10. 8న ఆదివారాన్ని షీటు తనంతట తానే దాటేసింది.

చాలామంది వేసుకునే చార్టుల్లో లేనిది, కానీ ఇళ్లలో తేదీలన్నీ తప్పించేది ఈ తర్వాతి వరస. పని ఆగి ఉండే రోజులకు కూడా ఒక అడ్డవరస ఉండాలి. కొత్త ప్లాస్టరుకు కనీసం వారం పాటు నీళ్లు పట్టాలి. ఆ వారంలో మేస్త్రీ ఉండడు, కూలి ఉండదు, అందుకని ఎవరూ దాన్ని లెక్కలో రాయరు. కానీ ఏడు రోజులు గడిచేది నిజమే కదా. ఆరో వరసలో ‘ప్లాస్టర్ క్యూరింగ్’ అని రాసి, ‘ఎవరు’ అన్నచోట ఒక గీత ( - ) పెట్టాలి. సిమెంటుకు ఆదివారం సెలవు లేదు కాబట్టి ఇక్కడ WORKDAY.INTL వద్దు. మొదలు `=F5+1`, ముగింపు `=D6+E6-1`. ఫిబ్రవరి 11 నుంచి 17 వరకు పడుతుంది.

ఎనిమిదో వరస కూడా ఇలాంటిదే. బాత్రూమ్ నేలకు వాటర్‌ప్రూఫింగ్ కోటింగ్ 18, 19 తేదీల్లో వేస్తారు. ఆ తర్వాత అది ఆరాలి, ఆరాక నీళ్లు నిలబెట్టి కింది ఇంటి పైకప్పులో చెమ్మ వస్తుందేమో చూడాలి. రెండింటికీ కలిపి నాలుగు రోజులు పెట్టాం, 20 నుంచి 23 వరకు. కోటింగ్ డబ్బా మీద ఆరడానికి ఎంతసేపని ఉంటే దాన్నిబట్టి ఈ అంకె మారుతుంది. టైల్స్ అతికించాక లీకు బయటపడితే మళ్లీ పగలగొట్టడం తప్ప దారి లేదు. అందుకే ఎంత తొందరున్నా ఈ నాలుగు రోజుల జోలికి వెళ్లకూడదు.

పట్టీలకు రంగు కూడా షీటే వేస్తుంది. G2 నుంచి BL20 దాకా ఎంచుకుని, గూగుల్ షీట్స్‌లో Format, Conditional formattingలోకి వెళ్లి Custom formula is అన్నది పట్టుకోవాలి. ఎక్సెల్‌లో Home, Conditional Formatting, New Ruleలో Use a formula అని మొదలయ్యే వరస ఉంటుంది. అక్కడ ఇది:

```
=AND(G$1>=$D2,G$1<=$F2)
```

పైనున్న తేదీ ఆ పని మొదలుకూ ముగింపుకూ మధ్య పడితే గడికి రంగు వేయమని చెప్పాం. ఇందులో డాలరు గుర్తులు ఒక్కటి అటూ ఇటూ అయినా పట్టీలు చెల్లాచెదురుగా పడతాయి. G$1లో గుర్తు అంకె ముందు ఉంది, ఎందుకంటే తేదీలెప్పుడూ ఒకటో వరసలోనే ఉంటాయి. $D2లో గుర్తు అక్షరం ముందు ఉంది, ఎందుకంటే మొదలయ్యే తేదీ ఎప్పుడూ D వరసలోనే ఉంటుంది. మెట్లమెట్లుగా కిందికి జారే పట్టీలకు బదులు అర్థంపర్థం లేని మచ్చలు కనిపిస్తే ముందుగా చూడాల్సింది ఇదే.

ఒక్కో పనివాడికి ఒక్కో రంగు కావాలంటే ఫార్ములాలో ఇంకో షరతు చేర్చాలి, ఉదాహరణకు `$B2="ప్లంబరు"`. క్యూరింగ్, ఆరడం లాంటివాటికి `$B2="-"` అని పెట్టి లేత నీలం ఇస్తే, పని ఆగే రోజులు విడిగా తెలిసిపోతాయి. ఆదివారాలకు బూడిద రంగు కోసం `=WEEKDAY(G$1)=1`. నియమాల జాబితాలో నీలం అన్నిటికంటే పైన, దాని కింద బూడిద, ఆ కింద పనివాళ్ల రంగులు ఉండాలి. పైనున్న నియమానిదే చెల్లుబాటు. అప్పుడు ఆదివారం నాడు ప్లంబరు పట్టీ తెగి కనిపిస్తుంది, క్యూరింగ్ పట్టీ మాత్రం తెగదు. ఆదివారం కూడా గోడకు నీళ్లు పట్టాల్సింది మనమే అని అది గుర్తుచేస్తుంది కూడా. ఉగాది రోజుకు ఎర్ర గీత కావాలంటే `=G$1=DATE(2026,3,19)`. దీన్ని అన్నిటికంటే పైన పెట్టాలి.

ఇక అసలు పరీక్ష. తొమ్మిదో వరసలో ‘టైల్స్, వంటగది, బాత్రూమ్’ అని ఒకే పనిగా ఆరు రోజులు రాశాం. బాత్రూమ్ ఆరాకే మొదలు కాబట్టి ఫిబ్రవరి 24 నుంచి మార్చి 2. ఆ తర్వాత మాడ్యులర్ కిచెన్‌వాళ్లు వచ్చి కొలతలు తీసుకోవడం ఒక రోజు, మార్చి 3. టైల్స్ కాకముందు కొలవమంటే వాళ్లు ఒప్పుకోరు, అందులో న్యాయముంది. టైలూ దాని వెనక సిమెంటూ కలిసి ఒక్కో గోడను దాదాపు 20 మిల్లీమీటర్లు లోపలికి తెస్తాయి. ఎదురెదురు గోడలంటే దాని రెట్టింపు. ముందు కొలిస్తే అల్మరాలు ఇరుక్కుంటాయి. కొలత తర్వాత ఫ్యాక్టరీలో తయారీకి మూడు వారాలు, మార్చి 4 నుంచి 24. బిగించడానికి మూడు రోజులు, 25 నుంచి 27.

ఎర్ర గీత దాటి కుడివైపుకు పట్టీ వారం పైగా వెళ్లిపోయింది. ఇంకా ఒక్క టైలు కూడా పగలకముందే, జనవరిలోనే, ఉగాదికి వంటగది రాదని తెలిసింది.

ఇలాంటప్పుడు సహజంగా కలిగే ఆలోచన అందరినీ తొందరపెట్టడం. చార్టు అందుకు భిన్నమైనది చూపిస్తుంది. ఎర్ర గీత దాటిన పట్టీ నుంచి వెనక్కి, అది దేనికోసం ఆగిందో, అది మళ్లీ దేనికోసం ఆగిందో చూస్తూ వెళ్లాలి. బిగింపు తయారీ కోసం ఆగింది, తయారీ కొలత కోసం, కొలత టైల్స్ కోసం, టైల్స్ బాత్రూమ్ వాటర్‌ప్రూఫింగ్ కోసం ఆగాయి. ఇక్కడ ఆగి చూస్తే, వంటగది అల్మరాలకూ బాత్రూమ్ నేల చెమ్మకూ సంబంధం ఏముంది? ఏమీ లేదు. రెండు గదుల టైల్స్‌ను ఒకే వరసలో రాయడం వల్ల మనమే ఆ సంబంధం కల్పించాం.

ఆ వరసను రెండు చేద్దాం. తొమ్మిదిలో వంటగది టైల్స్, రెండు రోజులు, ప్లాస్టర్ క్యూరింగ్ అయిన వెంటనే: ఫిబ్రవరి 18, 19. అదే రెండు రోజులూ బాత్రూమ్‌లో వాటర్‌ప్రూఫింగ్ వేరేవాళ్లు చేసుకుంటారు. పదిలో బాత్రూమ్ టైల్స్, నాలుగు రోజులు, 24 నుంచి 27. కొలత ఫిబ్రవరి 20కి వచ్చేస్తుంది. తయారీ 21 నుంచి మార్చి 13. బిగింపు 14, 16, 17. ఎవరి పనికీ ఒక్క రోజు తగ్గించలేదు, ఒక్క పైసా ఎక్కువివ్వలేదు. పది రోజులు ముందుకు వచ్చింది.

ఊరికే మాత్రం రాలేదు. టైల్స్ మేస్త్రీ 19న వెళ్లి 24న మళ్లీ రావాలి. మధ్యలో ఆయన ఇంకో సైటు పట్టుకుంటే 24న వస్తాడన్న నమ్మకం లేదు. కానీ ఇప్పుడు ఆ నష్టం ఎక్కడ పడుతుందో చూడాలి. బాత్రూమ్ టైల్స్ 27న కాక మార్చి 4న ముగిసినా, ఆ తర్వాత కుళాయిలు, కమోడ్ బిగించడానికి ప్లంబరుకు రెండు రోజులు చాలు. ఎర్ర గీతకు ముందు బోలెడు ఖాళీ ఉంది. అంటే టైల్స్ మేస్త్రీ బాత్రూమ్‌కు ఆలస్యంగా వస్తే విసుక్కోవచ్చు గానీ కంగారు పడక్కర్లేదు. ప్లంబరు మొదటి వారంలో ఆలస్యం చేస్తే అలా కాదు. E3లో 3 తీసేసి 5 రాసి చూడండి. ప్లాస్టరింగ్ 11కు, కొలత 23కు, తయారీ ముగింపు మార్చి 16కు, బిగింపు 17, 18, 19 తేదీలకు జరిగిపోతాయి. పండగ పొద్దున వంటగదిలో డ్రిల్లింగ్. ఎలక్ట్రీషియన్ ఒక రోజు ఆలస్యమైతే ఏమవుతుందో చూద్దామని E4ను 2 నుంచి 3 చేస్తే ఏ తేదీ కదలదు, ఎలాగూ అందరూ శనివారం దాకా ప్లంబరు కోసం ఆగాల్సిందే కాబట్టి. పని మొదలయ్యే వారంలో పొద్దున్నే ఎవరికి ఫోన్ చేయాలో ఈ రెండు గడుల తేడాతో తెలిసిపోతుంది.

పెయింటింగ్ దగ్గర ఇంకో విషయం కలుస్తుంది. హైదరాబాద్‌లో పెయింటింగ్ చేసే బృందాల్లో చాలామంది బిహార్, ఉత్తరప్రదేశ్ వైపు నుంచి వచ్చినవాళ్లు. హోలీకి ఊళ్లకు వెళతారు. 2026లో హోలీ మార్చి మొదటి వారంలోనే. మన బృందం ఫిబ్రవరి 28 నుంచి మార్చి 7 దాకా ఉండమని చెప్పిందనుకుందాం. Leave అని ఇంకో షీటు తెరిచి, A వరసలో ఆ తేదీలు ఒక్కొక్కటీ రాయాలి. పెయింటర్ వరసల్లో మాత్రమే ఫార్ములాకు ఆ జాబితా తగిలించాలి:

```
=WORKDAY.INTL(F10,1,11,Leave!$A$2:$A$10)
```

బాత్రూమ్ టైల్స్ కోసే దుమ్ము తగ్గాక, అంటే F10 తర్వాత, లప్పం మొదలు. ఫార్ములా సెలవులన్నీ దాటి మార్చి 9, సోమవారం చూపిస్తుంది. లప్పం, ప్రైమర్, మొదటి కోటు అయిదు రోజులు, 9 నుంచి 13. ఇది మనకు కలిసొచ్చే ఆలస్యమే. ఫిబ్రవరి 10న పూసిన ప్లాస్టరుకు అప్పటికి దాదాపు నాలుగు వారాలు నిండుతాయి, గోడ లోపలి తడి ఆరుతుంది. తడి గోడ మీద లప్పం పెడితే కొన్ని నెలల్లో పొక్కిలి లేస్తుంది. చివరి కోటు మాత్రం అల్మరాలు బిగించాక వేయాలి, బిగించేటప్పుడు గోడలకు తగిలే గీతలు అందులో కప్పబడతాయి. అది మార్చి 18. ఆ మర్నాడే ఉగాది.

అంటే ఈ ప్రణాళికలో మొదటి ప్లంబరు నుంచి చివరి కోటు దాకా ఒక్క రోజు కూడా ఖాళీ లేదు. చార్టు చెప్పగలిగింది ఇంతవరకే. ఫ్యాక్టరీ మూడు వారాలన్నది నాలుగు చేస్తే దానికి తెలియదు, మనం E వరసలో మార్చేదాకా పట్టీ కదలదు. తయారీ లెక్క కొలత తీసుకున్న రోజు నుంచా, అడ్వాన్సు అందిన రోజు నుంచా అన్నది ముందే అడిగి రాయించుకోవాలి. రెండోదైతే ‘అడ్వాన్సు చెల్లింపు’ అని ఒక్కరోజు వరస చేర్చి తయారీని దానికి కట్టాలి. టైల్స్, కుళాయిల కొనుగోళ్లు కూడా అంతే. నచ్చిన టైలు స్టాకులో లేక పది రోజులు పడుతుందంటే, అది ఒక పనివాడు రానట్టే.

ఒక రోజైనా మిగుల్చుకోవాలంటే ఏం చేయాలి? క్యూరింగ్ తగ్గించడం తప్పు. ప్లంబరు పనినే గదులవారీగా విడదీయొచ్చు, టైల్స్‌ను విడదీసినట్టు. ఆయన ముందు వంటగది పైపులు ఒక రోజులో ముగించి, తర్వాత బాత్రూమ్‌కు వెళితే, వంటగది ప్లాస్టరింగ్ శనివారమే మొదలవుతుంది. ఎలక్ట్రీషియన్ ముందు బాత్రూమ్, తర్వాత వంటగది చేయాలి, అప్పుడు ఇద్దరూ ఒకే గదిలో తగలరు. C వరసలో గది పేర్లు రాసింది ఇందుకే. ఏదైనా తేదీ దగ్గర పైనుంచి కిందికి చూసి, రంగు ఉన్న వరసల్లో ఒకే గది పేరు రెండుసార్లు వస్తే ఆ రోజు గొడవే. పదిహేను వరసల చార్టుకు దీనికి ఫార్ములా అక్కర్లేదు, కళ్లు చాలు. నలభై వరసలు రాసేవాళ్లుంటారు, ‘తలుపు గొళ్లెం బిగింపు’ దాకా. రెండో వారానికే దాన్ని సరిచేయడం మానేస్తారు. ఒక రోజు కంటే తక్కువ పట్టే పనికి, ఎవరికోసమూ ఎవరూ ఆగని పనికి వరస అనవసరం.

పని మొదలయ్యే ముందు D, F వరసల్లోని తేదీలను కాపీ చేసి, పక్కన ఖాళీగా ఉన్న చోట Paste special, Values only అని అతికించి ఉంచుకోవాలి. ఫార్ములా తేదీలు రోజూ మారతాయి, ఈ అతికించినవి మారవు. రోజు సాయంత్రం ఎవరు ఎంత చేశారో చూసి E వరసలో నిజమైన రోజులు మారుస్తూ పోతే, అనుకున్నదానికీ జరుగుతున్నదానికీ తేడా పక్కపక్కనే కనిపిస్తుంది.

పనివాళ్లకు ఈ షీటు పంపితే లాభం లేదు. ఆ గడులన్నీ వాళ్ల ఫోన్‌లో చీమల్లా కనిపిస్తాయి. ఒక్కొక్కరికీ వాట్సాప్‌లో తన రెండు తేదీలు, తనకు ముందు ఎవరి పని ఉంది, తన తర్వాత ఎవరు వస్తారు అన్నది మాత్రం చెప్పాలి. “అన్నా, నీ పైపులు శనివారం అయిపోతే సోమవారం ప్లాస్టరింగ్ మేస్త్రీ వస్తాడు, ఆయనకు కూలీలను కూడా చెప్పేశాం” అంటే ప్లంబరుకు విషయం తెలుస్తుంది. చార్టును మాత్రం ఏ4 కాగితం మీద అడ్డంగా ప్రింటు తీసి, దుమ్ము పడని గది తలుపుకు అంటించి, పని ముగిసిన పట్టీ మీద పెన్నుతో గీత కొడుతూ వెళ్లొచ్చు. తేదీలు జరిగినప్పుడు కొత్త ప్రింటు పెట్టి పాతది చింపేయాలి, లేకపోతే మేస్త్రీ పాత కాగితం చూసి వెళ్లిపోతాడు.